మూడో వాక్యం చదవను

నన్ను దొంగ అని మొదటిసారి అన్న మనిషి, నాకు మొదటి ఉద్యోగం ఇప్పించిన మనిషే. ఫిల్మ్ నగర్‌లో మా ఆఫీసు మెట్ల మీద, పట్టపగలు, కింది షాపులో టైలర్లు వింటుండగా అన్నాడు. నేను తీసుకున్నదేమీ లేదు. ఒక మెయిల్ రాశాను, అందులో నా గురించి రెండు వాక్యాలు రాసుకున్నాను. అంతే.

మా ఆఫీసు మూడు గదుల చిన్న పోస్ట్ ప్రొడక్షన్ ఆఫీసు. సినిమా పూర్తయ్యాక చేసే పనుల్లో సబ్‌టైటిళ్ల పని మాది. అనువాదం బయటినుంచి వచ్చేది. మేము చేసేది టైమింగ్. తెర మీద మనిషి నోరు తెరవగానే అక్షరాలు రావాలి, ఆపగానే పోవాలి. ఈ పనికి ఉన్నది ఇద్దరం, నేనూ, నా సీనియరూ. మా ఇద్దరిదీ ఊరి బయట ఉన్న ఒకే ఇంజనీరింగ్ కాలేజీ. నాకంటే రెండేళ్లు ముందు చదివాడు. నేను చదువు అయిపోయి రహమత్ నగర్‌లో ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు ఓనరుతో మాట్లాడి నన్ను ఇక్కడ చేర్పించింది అతనే. అన్నా అని పిలిచేదాన్ని. మొదటి ఏడాది ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

రెండో ఏడాది ఒక గొడవ మొదలైంది. మేము పంపిన నాలుగు సినిమాలు వరసగా వెనక్కి వచ్చాయి. సబ్‌టైటిళ్లు మొదట్లో బాగానే ఉంటున్నాయి, క్లైమాక్స్‌కి వచ్చేసరికి జారిపోతున్నాయి. తల్లి శవం మీద పడి ఏడుస్తుంటే కింద కమెడియన్ మాటలు కనిపిస్తున్నాయి. సీనియర్ ప్రతిసారీ మొత్తం ఫైలును నాలుగైదు సెకన్లు జరిపేవాడు. మధ్యలో సరిపోయేది, మొదలూ చివరా చెడిపోయేవి. ఓనరు ఇద్దర్నీ నిలబెట్టి తిట్టేవాడు.

నేను ఒక సినిమా పెట్టుకుని, ప్రతి పది నిమిషాలకీ ఎంత తేడా వస్తోందో కాగితం మీద రాసుకుంటూ పోయాను. పది నిమిషాలకి అర సెకను కంటే కాస్త ఎక్కువ. ఇరవైకి దానికి రెట్టింపు. రెండున్నర గంటలకి తొమ్మిది సెకన్లు. తేడా ఒకేచోట పుట్టింది కాదు, సమానంగా సాగుతోంది. అంటే మేము పనిచేసిన కాపీ నడిచే వేగం ఒకటి, వాళ్లు చూపించే కాపీ వేగం ఇంకొకటి. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలకి బదులు అంతకంటే వెంట్రుకవాసి తక్కువ. జరపడం కాదు, సాగదీయడం కావాలి. కాగితం తీసుకెళ్లి అతని ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. "నాకూ ఇదే అనుమానం" అన్నాడు. రెండు రోజుల్లో అన్ని టైమింగులనీ ఒకేసారి సాగదీసే చిన్న ప్రోగ్రాం రాశాడు. నిజంగా బాగా రాశాడు. నాకు అది చేతకాదు. తర్వాత ఓనరు గదిలోకి వెళ్లి, తలుపు తెరిచే ఉండగా, "పట్టుకున్నానండీ. సాల్వ్ అయిపోయింది" అన్నాడు. ఓనరు అతని భుజం తట్టాడు. నేను నా కుర్చీలో కూర్చుని కీబోర్డు తుడుచుకున్నాను.

ఆ వారమే జూబ్లీ హిల్స్‌లోని ఒక ఓటీటీ కంపెనీలో తెలుగు సబ్‌టైటిళ్ల నాణ్యత చూసే ఉద్యోగం పడింది. కాలేజీలో ప్లేస్‌మెంట్లు చూసే సార్‌కి ఫోన్ చేస్తే, మా కాలేజీ పూర్వ విద్యార్థిని ఒకావిడ అక్కడే పనిచేస్తోందని చెప్పి మెయిల్ ఐడీ ఇచ్చారు. "రిఫరల్ అడుగు, లోపల పనిచేసేవాళ్లు సిఫారసు చేస్తే దరఖాస్తు ముందు చూస్తారు. కానీ ఆమె కొంచెం గట్టి మనిషి" అన్నారు.

నేను పేజీన్నర మెయిల్ రాశాను. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాలు నాలుగు ముందు పెట్టుకుని కుట్టాను. కథలు చెప్పడమంటే నాకు ప్రాణమనీ, సవాళ్లంటే ఇష్టమనీ, మొత్తం సబ్‌టైటిళ్ల విభాగాన్ని నడిపిస్తున్నాననీ రాశాను. విభాగంలో ఉన్నది ఇద్దరమే అని రాయలేదు. చివర్లో "మీ విలువైన మార్గదర్శకత్వం కోసం ఎదురుచూస్తూ" అని పెట్టాను.

మర్నాడు జవాబు వచ్చింది. ఇంగ్లీషులో, పలకరింపు లేకుండా. తెలుగులో చెప్పాలంటే ఇది:

"ఇది ఎవరి గురించి? ఇందులో నీ పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. ఏ ఉద్యోగమో నంబరు లేదు. రెజ్యూమె లేదు. నేను ఏం చెయ్యాలో లేదు. మళ్లీ రాయాలనుకుంటే నీ గురించి రెండు వాక్యాలు రాయి. మూడో వాక్యం చదవను."

ఒళ్లు మండిపోయింది. ఆఫీసు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. బయటికొచ్చి ఫోన్‌లో ఒక జవాబు టైపు చేశాను. పై మెట్టు ఎక్కినవాళ్లకి కింద ఉన్నవాళ్లు చీమల్లా కనిపిస్తారనీ, సాయం చెయ్యకపోయినా మర్యాదగా మాట్లాడొచ్చనీ. పంపలేదు. పంపే ధైర్యం లేక పంపలేదు, అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ ఒక ఆస్పత్రిలో ఆయా. బియ్యం ఏరుతూ విన్నది, నా పక్షాన మాట్లాడలేదు.

"ఆ అబ్బాయే కదా నిన్ను అక్కడ పెట్టించింది? అతన్ని కాదని ఇంకెవర్నో బతిమాలడం ఏంటి?"

"అతను నేను చేసింది తను చేశానని చెప్పాడమ్మా."

"మరి నువ్వు? విభాగం నడుపుతున్నానని రాశావంటున్నావుగా. అదేంటి?"

అమ్మ చేటని ఒకసారి ఎగరేసింది.

"చర్చిలో లేచి దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేటప్పుడు చూస్తావుగా. పుట్టిన దగ్గర్నుంచీ చెప్పుకొచ్చేవాళ్లని పాస్టరు గారు కూర్చోబెట్టేస్తారు. ఏం జరిగిందో చెప్పమంటారు. నువ్వు చేసింది చెప్పు. నువ్వు చెయ్యంది ఎవరు చేశారో అదీ చెప్పు. ఇంకేం ఉంటుంది చెప్పడానికి?"

ఆ మాట నాకు ఓదార్పుగా లేదు, చీవాట్లలాగే ఉంది. అయినా కాగితం తీశాను. రెండు వాక్యాలకి మూడు సాయంత్రాలు పట్టింది. "ఎంతో", "చాలా" అనే మాటలు కొట్టేస్తుంటే అసలు నేనే మిగలనేమో అనిపించింది. "విభాగం" పోయింది. "ప్రాణం" పోయింది. మిగిలింది ఇది:

"నేను మన కాలేజీలో రెండేళ్ల క్రితం చదువు ముగించి, ఫిల్మ్ నగర్‌లోని ఒక చిన్న ఆఫీసులో తెలుగు సినిమాల సబ్‌టైటిళ్ల టైమింగ్ చూస్తున్నాను. ఈ ఏడాది నా సీనియరూ నేనూ కలిసి పదకొండు సినిమాలు పూర్తిచేశాం, వాటిలో నాలుగింటికి చివర్లో సబ్‌టైటిళ్లు ఎందుకు జారుతున్నాయో కనిపెట్టింది నేను, దాన్ని సరిచేసే ప్రోగ్రాం రాసింది ఆయన."

దాని కింద ఉద్యోగం పేరూ నంబరూ రాశాను. "నా పని సరిపోతుందనిపిస్తే ఈ ఉద్యోగానికి నన్ను రిఫర్ చెయ్యగలరా? కుదరకపోతే ఏం ఫరవాలేదు. రెజ్యూమె జత చేశాను" అని ముగించాను. ఒకే పేజీ రెజ్యూమె. సబ్జెక్టులో "మన కాలేజీ జూనియర్, రిఫరల్ కోసం" అనీ ఉద్యోగం నంబరూ పెట్టాను.

ఒక సంగతి ఒప్పుకోవాలి. సీనియర్‌కి దక్కాల్సింది దక్కేట్టు రాశానని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి "ఆయన" అని టైపు చేస్తున్నప్పుడు పళ్లు బిగించే ఉన్నాను. నువ్వు నా పని నీదన్నావు, చూడు, నేను నీ పని నీదే అంటున్నాను అన్న కసి అందులో ఉంది. ఆ వాక్యంలో వినయం పాలెంత, కోపం పాలెంత, ఈ రోజుకీ నాకు తేలలేదు. రాసింది మాత్రం అక్షరాలా నిజం.

తొమ్మిది రోజులు జవాబు లేదు. పదో రోజు ఒక లైను వచ్చింది: "జారుతున్నాయని ఎలా తెలిసింది, ఎందుకో ఎలా తేల్చావు? ఐదు లైన్లు." పది నిమిషాల లెక్క కాగితం ఫోటో తీసి, దాని కింద ఐదు లైన్లు రాసి పంపాను.

మర్నాడు పొద్దున నేను మెట్లెక్కుతుంటే సీనియర్ పైనుంచి దిగుతూ దారికి అడ్డంగా ఆగాడు. చేతిలో ఫోను.

"జూబ్లీ హిల్స్ ఆవిడకి మెయిల్ రాసింది నువ్వేనా?"

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. అదే ఉద్యోగానికి తనూ ఆవిడనే రిఫరల్ అడిగాడట. ఆవిడ అతన్నీ ఒక ప్రశ్న అడిగింది: కారణం కనిపెట్టింది ఎవరు, ప్రోగ్రాం రాసింది ఎవరు, రెండూ ఒకరేనా? నా పేరు చెప్పలేదు. కానీ ఆ ప్రశ్న అలా రెండు ముక్కలుగా రావాలంటే మా ఆఫీసులోంచి ఇంకెవరో రాసి ఉండాలి. ఉన్నది ఇంకొకరే.

"నా వెనక నా మీదే రాశావా?"

"మీ గురించి మంచే రాశానన్నా. ప్రోగ్రాం మీరే రాశారని రాశాను."

"నా ప్రోగ్రాం నాదని సర్టిఫికెట్ ఇవ్వడానికి నువ్వెవరు? నిన్ను తెచ్చింది నేను. ఆ మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది నేను."

"మరి కనిపెట్టింది కూడా మీరేనని రాశారా?"

అతని మొహం నల్లబడింది. కింద కుట్టుమిషన్లు ఒకటొకటిగా ఆగాయి.

"కాగితం మీద నాలుగు అంకెలు వేస్తే కనిపెట్టినట్టా? అవి చూసి అర్థం చేసుకుంది నేను. నా అవకాశం మీద కన్నేసి పక్కనే కూర్చుని పనిచేశావు. దొంగవి నువ్వు."

"ఆ మాట వెనక్కి తీసుకోండి."

"తీసుకోను. ఏం చేస్తావో చేసుకో."

నేను ఏమీ చెయ్యలేదు. అతని పక్కనుంచి ఒదిగి పైకెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. అరగంటలో ఓనరు పిలిచాడు. సీనియర్ అప్పటికే గదిలో ఉన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"పోతున్నావంట?" అన్నాడు ఓనరు.

"ఇంకా ఏమీ ఖాయం కాలేదండీ."

"ఖాయమయ్యేదాకా నా సినిమాలు నీ చేతిలో పెట్టుకుని కూర్చోవాలా? రిలీజు కాని సినిమా హార్డ్ డిస్కు ఉంది నీ దగ్గర. అతనికిచ్చెయ్. ఇవాళ్టినుంచి పాత ఫైళ్ల పేర్లు సరిచేస్తూ కూర్చో."

"సార్, ఆయన కూడా అదే ఉద్యోగానికి..."

ఓనరు చెయ్యి ఎత్తాడు. "నాకొద్దు మీ గొడవలు." సీనియర్ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. తను కూడా రాశానని అతను చెప్పలేదని ఆ క్షణంలో తెలిసింది. నేను చెప్పినా వినేవాళ్లు లేరని కూడా తెలిసింది.

దాదాపు రెండు నెలలు అలాగే కూర్చున్నాను. మాటలు లేవు. అతను టీ తెప్పించుకుంటే ఒక్క కప్పే తెప్పించుకునేవాడు. నేను అడుగుపెట్టగానే తెర మీద ఫైలు మూసేసేవాడు. నేను కూడా తక్కువ తినలేదు. ఒకరోజు అతను పంపబోతున్న ఫైల్లో ఒక పాట మొత్తానికి అక్షరాలు లేకపోవడం చూశాను. చూసీ నోరెత్తలేదు. అది వెనక్కి వచ్చింది, అతను తిట్లు తిన్నాడు. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ మధ్యలోనే ఆవిడ రమ్మంది. జూబ్లీ హిల్స్‌లో వాళ్ల ఆఫీసు కింద, వచ్చినవాళ్లు కూర్చునే సోఫాల దగ్గర. పదిహేను నిమిషాలే అంది. నలభై దాటని మనిషి, మెడలో ఐడీ కార్డు, చేతిలో మూయని ల్యాప్‌టాప్. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"ప్రోగ్రాం నువ్ రాయగలవా?" అంది. నమస్కారానికి జవాబు కూడా లేదు.

"రాయలేను మేడం. ఆయన రాసింది చదివితే ఏం చేస్తోందో తెలుస్తుంది. మార్చడం రాదు."

"మరి ఈ ఉద్యోగంల స్క్రిప్టింగ్, అంటే గిసొంటి చిన్న ప్రోగ్రాంలు రాసుడు, వస్తే మంచిదని ఉన్నది. చూసినవా?"

"చూశాను. వస్తే మంచిదని ఉంది, తప్పనిసరి అని లేదు."

ఆవిడ నా వైపు మొదటిసారి సరిగ్గా చూసింది.

"ఇంకొకళ్లు కూడా రాసిండ్రు. ఎవరో నేను చెప్ప, నువ్ అడగకు. రెండు పనులూ తనే చేసిన అన్నరు. ఎట్ల కనిపెట్టినవని అడిగితే ప్రోగ్రాం గురించి రెండు పేజీలు పంపిండ్రు. ప్రోగ్రాం మంచిగున్నది. నేను అడిగింది గది కాదు. నువ్ కాగితం పంపినవ్, గంతే తేడా." ల్యాప్‌టాప్ తెర కొంచెం దించింది. "జర ఒక ముచ్చట చెప్త విను. నాకు నువ్వంటే ఇష్టమేం లేదు. నీ మొదటి మెయిల్ చూసి బ్లాక్ చేద్దామనుకున్న. ఇంతకుముందు ఒక పిల్లగాణ్ణి నమ్మి పంపిన. రాసినయన్నీ అబద్ధాలే. ఇంటర్వ్యూ చేసి బయటికొచ్చిన మేనేజర్ నన్ను జూసి నవ్విండు. పోయింది వాడి ఇజ్జత్ కాదు, నాది."

"అర్థమైంది మేడం."

"ఫారంల ఒక డబ్బా ఉంటది. ఈమె నీకెట్ల తెల్సు అని. కలిసి పనిచేసినమని నేను రాయ. ఒకటే కాలేజీ, మెయిల్ల తెల్సు, పదిహేను నిమిషాలు మాట్లాడిన, చెప్పినకాడికి నిజమే చెప్పింది అని రాస్త. గంతే. చాలదంటే ఇప్పుడే చెప్పు."

చాలదనే అనిపించింది. "చాలు" అన్నాను.

"వెబ్‌సైట్ల నువ్వే అప్లై చేసినవా?"

"లేదు."

"చెయ్యకు. ముందే చేస్తే నా రిఫరల్ దానికి అంటుకోదు. నేను పంపినంక నీకు లింకు వస్తది, దాంట్లకెళ్లే నింపు. ఇంటర్వ్యూ వస్తదో రాదో నా చేతిల లేదు. మల్ల మల్ల ఫోన్ చెయ్యకు." లేచి, కార్డు చూపించి, గాజు తలుపు దాటి వెళ్లిపోయింది. పదకొండు నిమిషాలే అయింది.

లింకు వచ్చింది. రెండు వారాలకి ఇంటర్వ్యూ వచ్చింది. మొదటి రౌండులో ఒక చిన్న క్లిప్పు ఇచ్చి తప్పులు పట్టమన్నారు. రెండో రౌండులో మేనేజరు నా రెజ్యూమె పక్కన పెట్టి, "ప్రోగ్రాం సీనియర్ రాశారని మీరే చెప్పుకున్నారు. ఎందుకు?" అని అడిగాడు. "రాసింది ఆయన కాబట్టి" అన్నాను. అతను నవ్వలేదు, మెచ్చుకోలేదు, ఏదో రాసుకున్నాడు. వారం తర్వాత కబురొచ్చింది. నేను అడిగిన ఉద్యోగానికి స్క్రిప్టింగ్ వచ్చినవాళ్లని తీసుకున్నారు. నన్ను దానికి ఒక మెట్టు కింద, ఏడాది కాంట్రాక్టు మీద తీసుకుంటామన్నారు. సరేనన్నాను.

ఇక మిగిలింది పాత ఆఫీసు నుంచి రిలీవింగ్ లెటరు. కొత్త కంపెనీ ఆ లెటరు పెట్టుకుని పాత ఆఫీసుకి ఫోన్ చేసి సరిచూసుకుంటుంది. ఓనరు నాలుగుసార్లు తిప్పించుకున్నాడు. చివరికి సీనియర్‌ని టైపు చెయ్యమన్నాడు. అతను టైపు చేసి, ప్రింటు తీసి, నా టేబుల్ మీద విసిరినట్టు పెట్టాడు. "సబ్‌టైటిళ్ల విభాగంలో సహాయకురాలిగా, సీనియర్ ఆధ్వర్యంలో, టైమింగ్ సరిచూసే పని చేసింది." పదకొండు సినిమాల మాట లేదు. కనిపెట్టిన మాట లేదు.

"ఇది చాలుగా?" అన్నాడు. మెట్ల మీద గొడవ తర్వాత నాతో అతను అన్న మొదటి మాట అది.

నేను రెండుసార్లు చదివాను. నన్ను తగ్గించాలని రాసిన కాగితమే. కానీ నేను మెయిల్లో రాసుకున్నదానికి అడ్డుపడే మాట అందులో ఒక్కటీ లేదు. ఆ పేజీన్నర మెయిల్లో రాసినట్టు విభాగం నడిపానని చెప్పుకుని ఉంటే, ఈ ఒక్క కాగితంతో నా పని అయిపోయేది.

"చాలు" అన్నాను. "ఓనరు గారి సంతకం కావాలి."

సంతకం అతనే తెచ్చిచ్చాడు. కృతజ్ఞత చెప్పాలా వద్దా అని నిలబడ్డాను. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. చెప్పకుండానే వచ్చేశాను.

కొత్త ఆఫీసులో మొదటి రోజు లిఫ్టు దగ్గర ఆవిడ కనిపించింది. నేను ఎదురెళ్లి, "థాంక్స్ అక్కా" అన్నాను.

"ఈడ అక్కలెవరూ లేరు. నువ్వే ఫ్లోరు?"

"నాలుగు."

"నాది ఆరు" అంది. ఇద్దరం లిఫ్టు ఎక్కాం. నాలుగు రాగానే తలుపు తెరుచుకుంటే, నేను దిగడానికి వీలుగా కొంచెం పక్కకి జరిగింది.